రుద్రమ్మ ఫోన్‌లోని గొంతులు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక మూడో సందులో రుద్రమ్మ లేడీస్ హాస్టల్ ఉంది. ఐదంతస్తులు, ఇరవై రెండు గదులు, అరవై నాలుగు మంచాలు. గేటు ఒకటే. గేటు పక్కన బల్ల ఉంది. బల్ల మీద రిజిస్టరు లేదు. రిజిస్టరు రుద్రమ్మ ఫోన్‌లో ఉంది.

రుద్రమ్మ నాలుగో తరగతి వరకు చదివింది. చదవగలదు కాని కూడబలుక్కోవాలి. ఒకసారి విన్న గొంతును మాత్రం మరిచిపోదు. అందుకని పదేళ్ల కిందట, హాస్టల్ తెరిచిన నెలలోనే, ఒక పద్ధతి పెట్టింది. అమ్మాయి చేరిన రోజు తండ్రో తల్లో బల్ల ముందు నిలబడి, తమ ఫోన్ నుంచి రుద్రమ్మకు వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపాలి. పేరు, ఊరు, పని చెప్పాలి. అమ్మాయిని తీసుకుపోవడానికి ఎవరెవరు రావచ్చో చెప్పాలి. తర్వాత అమ్మాయిని, పెద్దవాళ్లను గేటు ముందు నిలబెట్టి రుద్రమ్మ ఒక ఫోటో తీస్తుంది. ఫోన్ నంబరును గది నంబరు, ఊరు పేరుతో సేవ్ చేస్తుంది: 302 సిద్దిపేట, 101 తుని, 405 నంద్యాల.

ఆ తర్వాత ఎవరైనా వచ్చి ఫలానా అమ్మాయిని ఊరికి తీసుకుపోతామంటే రుద్రమ్మ ఆ మాట తీసి వింటుంది. వచ్చిన మనిషి పేరు అందులో ఉంటే పంపుతుంది, లేకపోతే పంపదు. ఒకసారి ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ మరదలి కోసం వస్తే కూడా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, వాళ్ల మామగారు ఫోన్ ఎత్తేదాకా కూర్చోబెట్టింది. పదేళ్లలో ఈ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ సంగతి రుద్రమ్మ చేరేవాళ్లకు చెప్పదు. పాత పిల్లలు చెబుతారు.

ఆ మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు సుష్మిత వచ్చింది. ఆమె ఐదేళ్ల కిందట 204లో ఉండేది. నిజామాబాద్ అమ్మాయి. ఇప్పుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతిలో డబ్బా ఉంది.

"పందొమ్మిది మందిమి కలిసి కొన్నం ఆంటీ. హాస్టల్‌కి పదేండ్లు నిండినయి గదా. ఐఫోన్."

"నాకెందుకే గింత పెద్దది?"

"నీ ఫోన్ చూసుకున్నవా? కింద స్క్రీన్ పని చెయ్యదు. మేము ఫోన్ చేస్తే నువ్వు ఎత్తేలోపల కట్ అవుతది."

అది నిజం. రుద్రమ్మ పాత ఫోన్ ఆండ్రాయిడ్‌ది, వేరే కంపెనీది. ఆరేళ్లు వాడింది. స్క్రీన్ అడుగున రెండు వేళ్ల మేర వేలు పెడితే పలకదు. వేడెక్కితే దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతుంది.

రుద్రమ్మ డబ్బా తీసుకుని వంటగదిలోకి వెళ్లి మంగవ్వకు చూపించింది. మంగవ్వ హాస్టల్ వంటమనిషి. తర్వాత మెట్ల మీద దిగుతున్న అమ్మాయిలకు చూపించింది. ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో కూడా చూపించి వచ్చింది.

ఆలోపు సుష్మిత బల్ల దగ్గర కూర్చుని పని మొదలుపెట్టింది. కొత్త ఫోన్ ఆన్ చేసింది. పాత ఫోన్ నుంచి డేటా తెచ్చుకుంటారా అని స్క్రీన్ అడిగింది. ఆఫీసు మీటింగ్ పదింటికి ఉంది. తర్వాత చూద్దామని దాటేసింది. రుద్రమ్మ జీమెయిల్‌తో ఆపిల్ ఖాతా తెరిచింది. సిమ్ తీసి కొత్త ఫోన్‌లో వేసింది. వాట్సాప్ పెట్టి, నంబరు కొట్టి, వచ్చిన కోడ్ వేసింది. వాట్సాప్ తెరుచుకుంది.

గ్రూపుల పేర్లు కనిపించాయి. గ్రూపుల్లో పాత మాటలు లేవు. విడి చాట్‌లు ఒక్కటి కూడా లేవు.

"ఆగు ఆంటీ, గూగుల్‌లో బ్యాకప్ ఉంటది," అని సుష్మిత వెతికింది. పాత ఫోన్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో ఉంటుంది. ఐఫోన్‌లోని వాట్సాప్ దాన్ని చదవదు. పైగా ఆ బ్యాకప్ తేదీ చూస్తే రెండేళ్ల కిందటిది. గూగుల్ ఖాతాలో చోటు నిండిపోయి అప్పుడే ఆగిపోయింది. ఆ సంగతి రుద్రమ్మకు ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా ఆ సమయంలో రాజమండ్రి నుంచి కొత్తమ్మాయి, తండ్రి జోగారావు వచ్చారు. రుద్రమ్మ పద్ధతి ప్రకారం ఆయన మాట పంపాడు. అది కొత్త ఫోన్‌లోకి వచ్చింది. ఫోటో కూడా కొత్త ఫోన్‌తోనే తీసింది. ఆయన రైలుకు టైమైందని వెళ్లిపోయాడు.

సుష్మిత పాత ఫోన్‌ను మళ్లీ పట్టుకుంది. దాంట్లో వాట్సాప్ తెరిస్తే, ఈ నంబరు వేరే ఫోన్‌లో నమోదైందని చూపించింది. మళ్లీ ఇక్కడే నమోదు చేద్దామని నంబరు కొట్టింది. సిమ్ కొత్త ఫోన్‌లో ఉంది కాబట్టి కోడ్ అక్కడికి వచ్చింది. దాన్ని చూసి పాత ఫోన్‌లో కొట్టబోతే స్క్రీన్ అడుగున వేలు పలకలేదు. ఒక అంకె పడితే రెండు పడలేదు. మూడుసార్లు తప్పు కోడ్ వెళ్లింది. రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు ఆగి ప్రయత్నించండి అని వచ్చింది. అప్పుడు పది నలభై అయింది. మీటింగుకు రాలేనని సుష్మిత అప్పటికే ఆఫీసుకు చెప్పేసింది.

"దీన్ని తీసేసి మళ్లీ కొత్తగ ఎక్కిద్దాం ఆంటీ," అంది సుష్మిత. ఆమె వేలు పాత ఫోన్‌లో వాట్సాప్ గుర్తు మీద ఉంది.

రుద్రమ్మ ఫోన్ లాక్కుంది.

"ముట్టకు. దాంట్ల మూడు వందల మంది తండ్రులున్నరు."

పదకొండుకు గేటు దగ్గర ఒకాయన చెప్పులు విడిచి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. భుజాన సంచి ఉంది.

"నా పేరు సాయిలు అమ్మా. సిద్దిపేట నుంచి వచ్చిన. మా యశస్విని మీ కాడనే ఉంటది. నేను బాబాయిని. రేపు నా ఇల్లు గృహప్రవేశం. బిడ్డను తోల్కపోదామని వచ్చిన. రెండున్నరకు జూబ్లీ బస్టాండ్ల బస్సు."

"మీ అన్న ఏడి?"

"అన్న బస్సు డ్రైవరు గదా. డ్యూటీల ఫోన్ బంద్. ఆరు దాటితెనే మళ్ల మాట్లాడేది."

యశస్విని 302లో ఉంటుంది. తల్లి లేదు, తండ్రి కనకయ్య పెంచాడు. ఆ సమయంలో ఆమె కోచింగ్ క్లాసులో ఉంది. రుద్రమ్మ పాత ఫోన్‌లో నంబరు చూసి ఫోన్ చేస్తే ఎత్తి, గొంతు తగ్గించి, "మా బాబాయే ఆంటీ, పంపియ్యి ఆంటీ," అంది.

"నువ్వు చెప్తె గాదు బిడ్డా. మీ నాయిన చెప్పిండా లేదా, గది నేను ఇనాలె."

"నాయిన చెప్పిండు ఆంటీ, చేరినప్పుడే చెప్పిండు!"

"చెప్పే ఉంటడు. ఇనకుండ ఎట్ల పంపాలె?"

సాయిలు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "అమ్మా, నేను దొంగ లెక్క కనవడుతున్ననా?"

"దొంగ ఎట్లుంటడో నాకు ఎర్కలేదు తమ్ముడూ. అందుకే ఇంటున్న. కూసో. మంగవ్వా, ఛాయ్ పెట్టు."

రుద్రమ్మ రెండు ఫోన్లను కొంగులో చుట్టుకుంది. చెప్పులేసుకుంది.

"ఎటు ఆంటీ?" అంది సుష్మిత.

"పంజాగుట్ట. మంజూష కాడికి. నువ్వు సుత రా. దాంట్ల పాస్‌వర్డ్ నీకే ఎర్క."

మంజూష హాస్టల్ మొదటి బ్యాచ్ అమ్మాయి. తునికి చెందినది. జావా నేర్చుకోవడానికి వచ్చి, రెండేళ్లు ఇంటర్వ్యూలకు తిరిగి, ఉద్యోగం రాక పంజాగుట్టలో ఒక ఫోన్ రిపేర్ కౌంటర్లో చేరింది. నాలుగేళ్ల తర్వాత అదే కాంప్లెక్స్‌లో రెండో అంతస్తున సొంత కౌంటర్ పెట్టింది. రుద్రమ్మ మొదటి ఫోన్ నుంచి ఇప్పటి పాత ఫోన్‌లోకి చాట్‌లన్నీ మార్చింది ఆమే.

షేర్ ఆటోలో రుద్రమ్మ అడిగింది. "పందొమ్మిది మందిల మంజూష ఉన్నదా?"

సుష్మిత రోడ్డు వైపు చూసింది. "పైసలు జమ చేసిన గ్రూప్ జాబ్‌లో ఉన్నోళ్లది ఆంటీ. కంపెనీలల్ల చేసేటోళ్లది. అందుకే..."

"మంజూషది జాబ్ గాదా?"

"అట్లని కాదు ఆంటీ."

"ఎట్లని మరి?"

ఆటో నడిపేవాడు అద్దంలో చూసి నవ్వాడు.

మంజూష కౌంటర్ ఆరడుగుల వెడల్పు. వెనక గోడకు కేబుళ్లు వేలాడుతున్నాయి. రుద్రమ్మను చూడగానే లేచి స్టూలు తుడిచింది.

"రండాంటీ. ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదండీ. సుష్మితా, నువ్వేంటి ఈ టైమ్‌లో?"

సుష్మిత జరిగింది చెప్పింది. మంజూష మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక ఒకటే అడిగింది.

"పాత ఫోన్‌లో వాట్సాప్ తీసేశారా? ఉందా?"

"ఉంది. ఆంటీ ముట్టనియ్యలే."

"బతికించారు ఆంటీ." మంజూష పాత ఫోన్ చేతిలోకి తీసుకుంది. "చాట్‌లు ఎక్కడికీ పోలేదు. ఇదిగో, దీంట్లోనే ఉన్నాయి. తలుపు మూసుకుందంతే. మళ్లీ నమోదు చేస్తే తెరుచుకుంటుంది. తీసేసి ఉంటే మాత్రం రెండేళ్ల కిందటి బ్యాకప్ ఒక్కటే దిక్కయ్యేది."

"ఎప్పుడు తెరుచుకుంటది?"

మంజూష టైమర్ చూసింది. "ఒంటి గంట అయిదుకి."

రుద్రమ్మ సాయిలు సంగతి చెప్పింది. రెండున్నర బస్సు. అమీర్‌పేట నుంచి మెట్రోలో మధ్యలో రైలు మారి జూబ్లీ బస్ స్టేషన్‌కు పోవాలి. ఒంటిగంటన్నరకైనా హాస్టల్ నుంచి కదలాలి. "ఒంటి గంటకు తెరుచుకోకపోతే? నాయిన గొంతు ఇనకుండ నేను పంప. ఆయనేమో ఖాళీ చేతులతో పోతడు. పిల్ల ఏడుస్తది. ఫోన్ పాడైంది కాబట్టి పద్ధతి ఇడిచినం అంటె, రేపు ఇంకో దానికి ఇడుస్తం."

మంజూష పాత ఫోన్ గ్యాలరీ తెరిచింది. తర్వాత అడిగింది. "యశస్విని ఎప్పుడు చేరిందాంటీ?"

"బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం తెల్లారి. రోడ్డంత పూలు, చెత్త. ఆటో దొరకలేదని కనకయ్య సంచులు మోసుకుంట వచ్చిండు."

"గేటు ఫోటో తీశారుగా?"

పాత ఫోన్ గ్యాలరీలో పదకొండు వేల ఫోటోలున్నాయి. మంజూష ఆ నెలకు వెళ్లింది. కనకయ్య, యశస్విని, మధ్యలో రెండు సంచులు. ఫోటో వివరాలు తెరిచింది. తేదీ ఉంది, సమయం ఉంది.

"వాట్సాప్‌కి తాళం పడినా అందులోకి వచ్చిన వాయిస్ ఫైళ్లు ఫోన్ మెమరీలో విడిగా ఉంటాయాంటీ. ఎవరు పంపారో పేరు ఉండదు. తేదీ మాత్రం ఫైలు పేరులోనే ఉంటుంది. ఎవరిదో గుర్తుపట్టడం మీ పని."

ఫైల్ మేనేజర్ తెరిచింది. వాట్సాప్ ఫోల్డర్, అందులో మీడియా, అందులో వాయిస్ నోట్స్. వారానికొక ఫోల్డర్ చొప్పున వరుసగా ఉన్నాయి. ఆ వారంది తెరిచి, ఆ తేదీ ఉన్నవి చూసింది. తొమ్మిది ఫైళ్లు.

మొదటిది నొక్కింది. గ్యాస్ సిలిండర్ గురించి ఎవరో.

"గాదు."

రెండోది కూరగాయల మనిషి. మూడోదానికి రుద్రమ్మ సగం వినకముందే తల అడ్డంగా ఊపింది. "గిది నంద్యాల. ఆడపిల్ల తల్లి. గాదు."

అయిదోది నొక్కగానే చెయ్యెత్తింది.

"కనకయ్య."

మంజూష సౌండ్ పెంచింది. పక్క కౌంటర్లో ఉన్నవాళ్లు కూడా తిరిగారు.

"నా పేరు కనకయ్య. సిద్దిపేట. బస్సు డ్రైవర్‌ను. నా బిడ్డ యశస్విని. బిడ్డ కోసం నేనే వస్త. నాకు డ్యూటీ ఉంటె నా తమ్ముడు సాయిలు వస్తడు. సాయిలుకు ఎడమ చెయ్యి చిటికెన వేలు సగమే ఉంటది. చిన్నప్పుడు గడ్డి కోసే మిషిన్ల పడ్డది. గంతే. ఇంకెవలు వచ్చినా పంపకుండ్రి అమ్మా."

రుద్రమ్మ సుష్మిత ఫోన్ తీసుకుని మంగవ్వకు చేసింది.

"మంగవ్వా, గాయన ఉన్నడా?"

"ఉన్నడు. రెండు ఛాయ్‌లు తాగిండు."

"ఎడమ చెయ్యి చూపియ్యమను. చిటికెన వేలు."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత మంగవ్వ గొంతు వినిపించింది. "సగమే ఉన్నది."

"యశస్విని క్లాస్ నుంచి రాంగనే బువ్వ పెట్టి పంపు. ఆయనకు సుత పెట్టు."

ఫోన్ సాయిలు తీసుకున్నట్టున్నాడు. "అమ్మా, నా వేలు సంగతి మీకెట్ల తెల్సు?"

"మీ అన్న చెప్పిండు."

"మా అన్నా? గీ వేలు సంగతి జెప్పిండా?" ఆయన గట్టిగా నవ్వాడు. "అమ్మా, నా బిడ్డ గిప్పుడు పదో తరగతిల ఉన్నది. వచ్చే ఏడు మీ కాడనే ఏస్త. మంచం ఆపుండ్రి."

అప్పుడు పన్నెండు నలభై అయింది.

రుద్రమ్మ స్టూలు మీద కూర్చుని నీళ్లు తాగింది. తర్వాత కొత్త ఫోన్‌ను మంజూష వైపు నెట్టింది.

"ఇది వద్దు. పాతదే చాలు. పొద్దున నా పానం పోయినంత పనైంది."

సుష్మిత తల దించుకుంది.

"పాతది ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేనాంటీ," అంది మంజూష. "వేడెక్కి ఆగిపోతోంది. ఒకరోజు ఆగిపోయి మళ్లీ లేవకపోవచ్చు. ఆ రోజు అన్ని గొంతులూ పోతాయి. మార్చడమే మంచిది. నేను మారుస్తాను. ఒక్కటి తగ్గినా నన్నడగండి."

"ఒక్కటి సుత తగ్గొద్దు."

"తగ్గదు."

రుద్రమ్మ ఆమె ముఖం చూసి, ఊఁ అంది.

మంజూష ముందు కొత్త ఫోన్‌లో పొద్దున్నుంచి వచ్చినవి చూసింది. ఇవి పాత ఫోన్‌లో లేవు. ఆండ్రాయిడ్ నుంచి చాట్‌లతో సహా మార్చాలంటే ఐఫోన్ మొదటిసారి ఆన్ చేసినట్టుండాలి. కాబట్టి దాన్ని పూర్తిగా తుడిచేయాలి. తుడిస్తే పొద్దుటివి పోతాయి. వచ్చినవి తొమ్మిది. ఎనిమిది అక్కర్లేనివి. ఒకటి జోగారావు మాట.

"నా ఫోన్‌కి పంపించుకుని, తర్వాత మీకు పంపిస్తానాంటీ."

"నీ కాడి నుంచి వస్తె నీ చాట్‌ల పడతది. ఆయన ఫోన్ నుంచి రావాలె. గదే పద్ధతి."

"అయితే ఆయన్నే మళ్లీ పంపమనాలండి. గేటు ఫోటో మాత్రం నాకు పంపించుకుంటాను."

ఒంటి గంట అయిదుకు మంజూష సిమ్‌ను పాత ఫోన్‌లోకి మార్చి నంబరు కొట్టింది. కోడ్ అదే ఫోన్‌కు వచ్చింది. వాట్సాప్ దాన్ని తనంతట తానే చదువుకుంది. ఒక్క అంకె కూడా కొట్టాల్సిన పని పడలేదు. చాట్‌లన్నీ తెరుచుకున్నాయి. సుష్మిత చూసి, "అంతేనా?" అంది.

"సిమ్ ఎక్కడుంటే కోడ్ అక్కడికే వస్తుంది. నువ్వు సిమ్ ఒక చోట, వేలు ఇంకో చోట పెట్టావు," అంది మంజూష.

రుద్రమ్మ జోగారావుకు ఫోన్ చేసింది. ఆయన రైల్లో ఉన్నాడు. "మళ్లీనా అండీ?" అన్నాడు కాని, మాట పంపాడు. వెనక టీ అమ్మే మనిషి కేక కూడా అందులో పడింది.

తర్వాత కాంటాక్ట్‌లు. గూగుల్ ఖాతాలో ఉన్నవి తొంభై ఆరు. మిగిలిన రెండు వందల పన్నెండు ఫోన్ మెమరీలోనే ఉన్నాయి. అవి ఇంకెక్కడా లేవు. మంజూష మొత్తం కాంటాక్ట్‌లను ఒక ఫైలుగా తీసి రుద్రమ్మ మెయిల్‌కు పంపింది. "ఇది దాచిన కాపీ. ఏదైనా తేడా వస్తే దీన్నుంచి తెచ్చుకుంటాం."

సుష్మిత పాస్‌వర్డ్ కొట్టాక కొత్త ఫోన్‌ను తుడిచింది. రెండు ఫోన్లకూ చార్జర్లు పెట్టింది. పాత ఫోన్‌లో ఐఫోన్‌కు మారే ఆపిల్ యాప్ ఎక్కించింది. కొత్త ఫోన్ మళ్లీ మొదటి ప్రశ్నల దగ్గర నిలబడింది. ఈసారి ఆండ్రాయిడ్ నుంచి తెచ్చుకుంటానని నొక్కింది. స్క్రీన్ మీద అంకెల కోడ్ వచ్చింది. దాన్ని పాత ఫోన్‌లో కొట్టాలి. మంజూష కీబోర్డును విడిగా తేలేలా మార్చి, స్క్రీన్ పై సగానికి జరిపింది. అక్కడ వేలు పలికింది.

"పొద్దున నాకిది తట్టలే," అంది సుష్మిత.

"నీకు రోజూ పని చేసే స్క్రీన్లు ఇస్తారు. నా దగ్గరికి పని చెయ్యనివే వస్తాయి."

ఏమేం తీసుకుపోవాలో పాత ఫోన్ అడిగింది. కాంటాక్ట్‌లు, మెసేజ్‌లు, ఫోటోలు, వాట్సాప్. మంజూష వాట్సాప్ మీద నొక్కి మొదలుపెట్టింది. వాట్సాప్ తన చాట్‌లను సిద్ధం చేసుకుని, పాత ఫోన్‌లో మళ్లీ లాగవుట్ అయింది. రుద్రమ్మ లేచి నిలబడింది.

"మళ్ల తాళం పడ్డది!"

"పడాలాంటీ. ఈసారి తాళం చెవి మన దగ్గరే ఉంది."

గంటా నలభై నిమిషాలు పడుతుందని స్క్రీన్ చెప్పింది. అరగంట తర్వాత పాత ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. కొత్త ఫోన్ మీద గీత ఆగింది. ముగ్గురూ చూశారు.

"ఇది కాపీ చేస్తుంది. పాతదాంట్లోంచి తీసెయ్యదు," అంది మంజూష. "అన్నీ అక్కడే ఉన్నాయి." కవర్ తీసేసి, చిన్న ఫ్యాన్‌ను పాత ఫోన్ వీపుకు పెట్టింది. ఫోన్ మళ్లీ లేచాక, సిమ్‌తో వాట్సాప్‌ను మళ్లీ నమోదు చేసి, చాట్‌లన్నీ ఉన్నాయని రుద్రమ్మకు చూపించింది. ఐఫోన్‌ను మళ్లీ తుడిచి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి ఫ్యాన్ ముందు నుంచి లేవలేదు. ఇద్దరు కస్టమర్లు వస్తే కూర్చోమంది.

నాలుగింటికి మంగవ్వ సుష్మిత ఫోన్‌కు చేసింది. యశస్విని బస్సు సీటులో నుంచి మాట్లాడిందట. "ఆంటీకి కోపమొచ్చిందా అని అడుగుతుంది," అంది మంగవ్వ.

"కోపమేంది. గృహప్రవేశం ఫోటోలు పంపమను. కొత్త ఫోన్ల చూస్త."

అయిదు దాటాక పాత ఫోన్ పూర్తయిందని చెప్పింది. సుష్మిత చెయ్యి చాపింది. మంజూష ఆపింది. "కొత్తదాంట్లో గీత ఇంకా నడుస్తోంది. అది నిండేదాకా కదపకూడదు." మరో ఇరవై నిమిషాలు ఆగారు.

గీత నిండాక సిమ్ మార్చి, కొత్త ఫోన్‌లో వాట్సాప్ ఎక్కించి, అదే నంబరు కొట్టింది. పాత ఫోన్ చాట్‌లు తెచ్చుకోవాలా అని అడిగింది. మొదలుపెట్టమని నొక్కింది. చాట్‌లు ఒక్కొక్కటే వరుసలో పడ్డాయి. అన్నిటికన్నా పైన జోగారావు ఉన్నాడు.

కాంటాక్ట్‌లు తెరిచారు. పైన ఒక చీటీ కనిపించింది: ఒకే పేరుతో ఉన్నవి దొరికాయి, కలపాలా అని. 302 సిద్దిపేట మూడు, 101 తుని రెండు, ఇలా నలభై దాకా. సుష్మిత కలపబోయింది.

"ఆగు," అన్నారు మంజూష, రుద్రమ్మ ఒకేసారి.

"డూప్లికేట్స్ గదా?"

"మూడు 302లు ముగ్గురు తండ్రులే," అంది రుద్రమ్మ. "ఒక గదిల మూడు బ్యాచ్‌లు. కలిపితె కనకయ్యకు చేస్తె ఇంకొకాయన ఎత్తుతడు."

మంజూష చీటీని పక్కకు నెట్టేసింది. "అది ఫోన్‌కి తెలీదు. మనకు తెలుసు." తర్వాత లెక్క చూసింది. మూడు వందల ఎనిమిది కాంటాక్ట్‌లు, అక్కడ ఎన్నో ఇక్కడా అన్నే. ఫోటోలు పదకొండు వేల చిల్లర, అక్కడ ఎన్నో ఇక్కడా అన్నే. తన దగ్గర ఉంచిన గేటు ఫోటో పంపింది. ఒకటి పెరిగింది.

"గొంతులు?" అంది రుద్రమ్మ.

"మీరే వినండి. కొత్తది, మధ్యలోది, పాతది. మూడూ పలికితే అన్నీ వచ్చినట్టే."

రుద్రమ్మ జోగారావును విన్నది. టీ మనిషి కేక వినిపించింది. తర్వాత నంద్యాల తల్లిని విన్నది. తర్వాత చాట్‌ల జాబితాను కిందికి తోసుకుంటూ పోయింది. వేలు ఎక్కడ పెట్టినా స్క్రీన్ పలుకుతోంది. అట్టడుగుకు చేరేసరికి రెండు నిమిషాలు పట్టింది. అక్కడ 101 తుని ఉంది.

నొక్కింది.

"నమస్కారమండీ. నా పేరు వీర్రాజండి. తునిలో సైకిల్ షాపండి నాది. మా అమ్మాయి మంజూష. దానికోసం నేను తప్ప ఎవరూ రారండి. దాన్ని ఎవరూ తీసుకురావక్కర్లేదు కూడానండి, తనే తిరగ్గలదు. చిన్నప్పట్నుంచి ఏది విప్పినా మళ్లీ బిగించేదండి. ఇక్కడ కంప్యూటర్లు నేర్చుకుంటుందండి. నేర్చుకుంటుంది లెండి. ఉంటానండి."

మంజూష ఫ్యాన్ ఆపబోతూ ఆగిపోయింది. ఆ మాట ఆమె పదేళ్ల కిందట బల్ల పక్కన నిలబడి విన్నది. ఆ తర్వాత వినలేదు.

"ఉద్యోగం రాలేదని అప్పట్లో నేను ఇంటికి ఫోన్ చెయ్యలేదాంటీ, మూడు నెలలు," అంది.

"ఎర్కే. మీ నాయిన నాకు చేసిండు. నేర్చుకుంటున్నది అని చెప్పిన. అబద్ధం జెప్పిన్నా?"

సుష్మిత తన ఫోన్‌లో ఏదో చేస్తోంది. మంజూష ఫోన్ టింగుమంది. చూస్తే, పాత పిల్లల గ్రూపులో ఆమెను చేర్చారు. గ్రూపు పేరులోంచి జాబ్ అన్న మాట తీసేశారు.

"ఏంటిది?" అంది మంజూష.

"ముందే ఉండాల్సింది," అంది సుష్మిత. "సారీ అక్కా."

మంజూష పాత ఫోన్‌ను కవర్లో పెట్టి రుద్రమ్మకిచ్చింది. "నెల రోజులు ఇది తుడవకండాంటీ. ఎవరికీ ఇవ్వకండి. బీరువాలో ఉంచండి. అన్నీ ఉన్నాయని మీకు నమ్మకం కుదిరాక నా దగ్గరికి తీసుకురండి."

కూర్చున్న కస్టమర్లలో ఒకాయన లేచాడు. ఎర్రమంజిల్ ఆఫీసుల్లో పనిచేసే మనిషి, మెడలో ఐడీ కార్డు ఉంది. ఆయన చేతిలోనూ రెండు ఫోన్లున్నాయి.

"అమ్మా, నాది కూడా ఇట్లనే మార్చాలె. షాపులో పిల్లగాడు చేస్తా అన్నడు గని భయమైతుంది. ఈమె మంచిగ చేస్తదా?"

రుద్రమ్మ కొంగు సర్దుకుంది. కొత్త ఫోన్‌ను చేత్తోనే పట్టుకుంది, సంచిలో వేయలేదు.

"మా హాస్టల్ పిల్ల," అంది. "మొదటి బ్యాచ్. 101."